ఎంత అడగాలి? ఒక యూనియన్ వేతన లెక్క, మొదటి నుంచి చివరిదాకా

కమిటీ వాళ్లు నన్ను పిలిచిన రోజు అడిగింది ఒక్కటే ప్రశ్న. "సార్, ఈసారి ఎంత అడగాలి?"

వేతన ఒప్పందాలకు ముందు యూనియన్ల తరఫున లెక్కలు వేసిపెట్టడం నా పని. మామూలుగా ఈ ప్రశ్నకు ధరలు ఎంత పెరిగాయి, పక్క ఫ్యాక్టరీలో ఎంత ఇస్తున్నారు అని చూసి ఒక అంకె చెప్పేస్తారు. ఈ యూనియన్ పరిస్థితి వేరు. ఆ ప్లాంట్‌లో పని నేర్చుకోవడానికి రెండేళ్లు పడుతుంది. ఆ పని వచ్చినవాళ్లంతా యూనియన్ సభ్యులే. మేనేజ్‌మెంట్ బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకోలేదు. అంతకుముందు రెండు ఒప్పందాల్లోనూ యూనియన్ అడిగిన అంకెకు దాదాపు అక్కడే సంతకం పెట్టారు. అయితే ఎంతమందిని పెట్టుకోవాలన్నది మాత్రం పూర్తిగా మేనేజ్‌మెంట్ ఇష్టం.

అంటే వేతనం యూనియన్ చేతిలో, ఉద్యోగాల సంఖ్య కంపెనీ చేతిలో. అర్థశాస్త్రంలో దీన్నే గుత్తాధిపత్య యూనియన్ నమూనా అంటారు. ఒకే ఒక్క అమ్మకందారు ధర చెప్తాడు, ఎంత కొనాలో కొనేవాడు తేల్చుకుంటాడు. సరుకు అమ్మేవాడికీ యూనియన్‌కూ తేడా ఒక్కచోట ఉంది. అమ్ముడుపోని సరుకు గోదాములో పడి ఉంటుంది. ఇక్కడ అమ్ముడుపోకుండా మిగిలేది నిన్నటిదాకా చందా కట్టిన సభ్యుడు. ఈ కేసులో కష్టమంతా అక్కడే వచ్చింది.

సభ్యులెవరో బయటపడకుండా అంకెలన్నీ యూనిట్లలోకి మార్చి గుండ్రంగా రాస్తున్నాను. అప్పటి వేతనం 120 యూనిట్లు. మస్టర్ రోల్‌లో 900 మంది. వాళ్లందరూ సభ్యులే.

మొదట కావలసింది డిమాండ్ రేఖ. వేతనం ఒక యూనిట్ పెరిగితే కంపెనీ ఎంతమందిని తగ్గిస్తుంది? మేనేజ్‌మెంట్‌ని అడిగితే భయపెట్టే అంకె చెప్తుంది, కమిటీని అడిగితే "ఎవర్నీ తియ్యరు సార్" అంటుంది. నేను పాత మస్టర్ రోళ్లు తెప్పించుకున్నాను. మొదటి ఒప్పందంలో, ధరల పెరుగుదల తీసేశాక, వేతనం 6 యూనిట్లు పెరిగింది. తర్వాతి రెండేళ్లలో 85 మంది తగ్గారు. కానీ ఆ రెండేళ్లలో ఆర్డర్లు కూడా పడిపోయాయి. వేతనంతో సంబంధం లేని ఒక లైన్‌లో ఎంత తగ్గారో చూసి, ఆ లెక్కన 25 మంది ఆర్డర్ల వల్ల పోయారనుకున్నాను. మిగిలింది 60, అంటే యూనిట్‌కు పది. రెండో ఒప్పందంలో 5 యూనిట్లు పెరిగితే, ఆర్డర్లలో మార్పేమీ లేకుండానే 55 మంది తగ్గారు. అంటే యూనిట్‌కు పదకొండు. లెక్క సులువుగా ఉండాలని పది తీసుకున్నాను. పదకొండు కూడా కావచ్చని పక్కన రాసుకున్నాను. ఆ చిన్న తేడా తర్వాత చాలా పెద్దదైంది.

ఈ పనిలో కొత్తవాళ్లు తరచుగా పొరపడే చోటు ఇదే. ఒప్పందం అయిన మొదటి ఏడాది మస్టర్ రోల్ చూస్తే ఏమీ కదలదు. ఉన్న మెషీన్ల మీద ఉన్న మనుషులు కావాలి కాబట్టి ఎవర్నీ తీయరు. అది చూసి "వేతనం పెంచినా ఉద్యోగాలు పోవు" అనేస్తారు. రెండో ఏడాది పాత మెషీన్ స్థానంలో తక్కువ మందితో నడిచేది వస్తుంది. అప్పుడు కదులుతుంది. అందుకే నేను ఎప్పుడూ రెండేళ్ల తర్వాతి రోల్‌నే చూస్తాను.

కాబట్టి రేఖ ఇది: 120 దగ్గర 900 మంది, 130 దగ్గర 800, 145 దగ్గర 650. ఈ రేఖ మీద ఎక్కడ నిలబడాలన్నది యూనియన్ తేల్చుకోవాలి.

ఇక్కడ "యూనియన్‌కు ఏం కావాలి?" అన్న ప్రశ్న వస్తుంది. 1944లో జాన్ డన్‌లప్ అనే ఆర్థికవేత్త, యూనియన్ కూడా ఒక సంస్థలాగే ఏదో ఒకదాన్ని గరిష్ఠం చేస్తుందనీ, ఉదాహరణకు మొత్తం వేతనాల బిల్లును అలా చూడవచ్చనీ అన్నాడు. మన రేఖ మీద ఆ లెక్క వేస్తే వేతనం 105 వస్తుంది, ఉద్యోగాలు 1,050. ఉన్న వేతనం తగ్గించుకోమని చెప్పినట్టు! పైగా సభ్యులు 900 మందే. మిగతా 150 మంది ఇంకా సభ్యులు కాని బయటివాళ్లు. వాళ్ల కోసం జీతం తగ్గించుకోమని ఏ కమిటీకీ నేను చెప్పలేను. చెప్పినా వినరు.

వేతనాల బిల్లులో అసలు లోపం మరొకటుంది. ఉద్యోగం పోయినవాడికి ఇక సున్నాయే అన్నట్టు అది లెక్క వేస్తుంది. కానీ అతను బయట ఏదో ఒక పని చూసుకుంటాడు. కాబట్టి యూనియన్ అమ్మే ప్రతి ఉద్యోగానికీ ఒక ఖర్చు ధర ఉందనుకోవాలి: ఈ ఉద్యోగం లేకపోతే ఆ మనిషికి బయట దొరికేది. దాన్ని బయటి ఆదాయం అందాం. వేతనంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేదే యూనియన్ తెచ్చిపెట్టిన అదనం. ఆ అదనాన్ని ఉద్యోగాల సంఖ్యతో గుణిస్తే వచ్చేదాన్నే గరిష్ఠం చేయాలి. డిమాండ్ ఎంత బిగుసుగా ఉంటే, అంటే వేతనం పెరిగినా ఉద్యోగాలు ఎంత తక్కువ తగ్గితే, బయటి ఆదాయం మీద అంత ఎక్కువ అడగవచ్చు. ఏ గుత్తవ్యాపారి ధర సూత్రమైనా ఇదే.

కమిటీ చెప్పినదాన్నిబట్టి బయటి ఆదాయం ఇలా లెక్కగట్టాను. బయట ఈ పనికి 95 ఇస్తారు. పనిపోయినవాడికి ఏడాదిలో సగటున 9 నెలలు పని దొరుకుతుంది. మిగతా 3 నెలలు 35 చొప్పున భృతి. సగటు 80. దీన్నిబట్టి సరైన వేతనం 145, ఉద్యోగాలు 650. మొత్తం అదనం 42,250. అప్పటికి ఉన్న 120 దగ్గర అది 36,000.

కాగితం మీద బాగానే ఉంది. అయితే 250 మంది పోతారు. అంత పెద్ద మాట చెప్పేముందు ఆ 80 నిజమో కాదో చూడకుండా ఉండలేకపోయాను. రెండో ఒప్పందం తర్వాత పనిపోయిన 55 మంది ఫోన్ నంబర్లు యూనియన్ పాత రిజిస్టర్‌లో దొరికాయి. నేనూ, కమిటీలో ఒక పెద్దాయనా కలిసి నాలుగు సాయంత్రాలు కూర్చుని ఫోన్లు చేశాం. 41 మంది దొరికారు. అడిగినవి మూడే: పని ఎన్ని నెలలకు దొరికింది, ఎంత ఇస్తున్నారు, ఇప్పటికీ ఉందా. మూడో సాయంత్రం ఒకాయన "అన్నా, ఇప్పుడు గుర్తొచ్చామా?" అన్నాడు. పెద్దాయన ఫోన్ నాకిచ్చేసి బయటికి వెళ్లిపోయాడు. ఆ 55 మందిలో సగం మందిని ఆయనే యూనియన్‌లో చేర్పించాడట.

ఫోన్లలో తేలింది వేరే సంగతి. రెండేళ్ల నైపుణ్యం ఈ ప్లాంట్‌కే పనికొస్తుంది, బయట దానికి విలువ లేదు. అందుకే దొరికిన వేతనం 95 కాదు, 85. పని దొరికింది కూడా ఏడాదిలో సగటున 6 నెలలే. మిగతా సగం భృతి మీద గడిచింది. సగటు తీస్తే 60.

బయటి ఆదాయం 80 నుంచి 60కి దిగితే అడగాల్సిన వేతనం 145 నుంచి 135కి దిగుతుంది. 100 ఉద్యోగాలు మిగులుతాయి. ఒక్క అంకె సరిగ్గా అడగనందుకు వందమంది. అంతకన్నా పెద్ద విషయం ఈ కొత్త లెక్కను వరుసగా రాసినప్పుడు కనిపించింది. 120 దగ్గర మొత్తం అదనం 54,000. 130 దగ్గర 56,000. 135 దగ్గర, అంటే శిఖరం మీద, 56,250. 145కి వెళ్తే మళ్లీ 55,250. శిఖరం దగ్గర కొండ దాదాపు చదును. 130 నుంచి 135కి ఎక్కితే మొత్తానికి కలిసొచ్చేది 250, దానికోసం పోయేది 50 ఉద్యోగాలు. ఏ గరిష్ఠమైనా దాని దగ్గర ఇలాగే ఉంటుంది. కాబట్టి సూత్రం చెప్పిన అంకెను పట్టుకుని వేలాడకూడదు. మొత్తం దాదాపు అంతే ఉన్నప్పుడు, అది ఎవరి దగ్గర నుంచి ఎవరికి వెళ్తోందన్నదే అసలు ప్రశ్న.

కమిటీకి ఇదే చెప్పాను. 130 అడగండి, 135 వద్దు. వాళ్లు ఒప్పుకున్నారు. కానీ నిర్ణయం కమిటీది కాదు, జనరల్ బాడీది.

ఆర్థర్ రాస్ అనే మరో ఆర్థికవేత్త 1948లో డన్‌లప్‌కు ఇచ్చిన జవాబు నాకు జనరల్ బాడీల్లోనే ఎక్కువగా గుర్తొస్తుంది. యూనియన్ సరుకు అమ్మే దుకాణం కాదు, అదొక రాజకీయ సంస్థ, దాని నాయకత్వం సభ్యుల ఒత్తిళ్ల మధ్య నడుస్తుంది అన్నాడాయన. ఈ ప్లాంట్‌లో తీసేసేటప్పుడు సీనియారిటీ నియమం ఉంది. చివర చేరినవాడు మొదట పోతాడు. అంటే ఎవరు పోతారో ముందే తెలుసు. 900 మందిలో మొదటి 550 మందికి 155 వేతనం దాకా ఏ భయమూ లేదు, ఎందుకంటే 155 దగ్గర కంపెనీకి కావలసింది సరిగ్గా 550 మంది. 135కీ 155కీ మధ్య ఓటు పెడితే 550 చేతులు 155కి లేస్తాయి. మెజారిటీ అదే. మొత్తం అదనం తగ్గుతుందన్నది వాళ్లకు పట్టే విషయం కాదు. ఉద్యోగం నిలిచినంతకాలం ఎంత ఎక్కువైతే అంత మేలు.

హాల్లో సీనియారిటీ జాబితా గోడకు అంటించారు. మీటింగ్ మొదలవకముందే జనం దాని చుట్టూ మూగారు. వేళ్లు కాగితం మీద కిందికి జారుతున్నాయి, ఎవరి నంబర్ దగ్గర వాళ్లది ఆగుతోంది. నేను 120 నుంచి 155 దాకా ఏ వేతనానికి ఎంతమంది మిగులుతారో బోర్డు మీద రాశాను. 145 అడగాలని గట్టిగా అంటున్న గుంపులోంచి ఒక కుర్రాడు లేచాడు.

"సార్, నాది 640. మీ లెక్క ప్రకారం 145కి 650 మంది ఉంటారు. అంటే నేను సేఫే కదా?"

యూనిట్‌కు పది తీసుకుంటే సేఫే అన్నాను. తర్వాత పక్కన రాసిపెట్టుకున్న పదకొండును బోర్డు మీద వేశాను. అలాగైతే 145 దగ్గర మిగిలేది 625. అతను కాసేపు బోర్డు చూసి కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో "మరి 620 వాడి సంగతేంటి, పన్నెండు అయితే?" అన్నారు. పన్నెండైతే 600. అక్కడి నుంచి హాలు మాట్లాడే తీరే మారిపోయింది.

ఈ ఒక్క విషయం పుస్తకాల్లో చదివినప్పుడు నాకు అంతగా ఎక్కలేదు. ఎవరు పోతారో కచ్చితంగా తెలిసినప్పుడు మెజారిటీ ఎక్కువ వేతనం వైపు పోతుంది. రేఖ ఎక్కడ తెగుతుందో తెలియనప్పుడు, తమ నంబర్ దాకా రావచ్చని అనుకునేవాళ్లు పెరుగుతారు, అడిగే అంకె దిగుతుంది. అందుకే డిమాండ్ రేఖలోని అనుమానాన్ని దాచి ఒకే అంకె చూపించడం తప్పని నేను నమ్ముతాను. అది తప్పు లెక్క మాత్రమే కాదు, ఓటునే మార్చేస్తుంది. ఆ రోజు 130కి తీర్మానం అయింది, పెద్ద మెజారిటీతో.

ఆ మీటింగ్‌లో 155 నెగ్గి ఉంటే కథ అక్కడితో ఆగేది కాదు. మిగిలిన 550 మందే వచ్చే ఒప్పందానికి ఓటర్లు. పోయిన 350 మందికి ఓటు ఉండదు. కొత్త మెజారిటీ 276 మంది, వాళ్లు మళ్లీ పైకి నెడతారు. 1986లో బ్లాంచార్డ్, సమ్మర్స్ అనే ఆర్థికవేత్తలు ఐరోపా నిరుద్యోగం ఒకసారి పెరిగాక ఎందుకు దిగిరావడం లేదన్నదానికి ఇచ్చిన వివరణల్లో ఇదొకటి: లోపల మిగిలినవాళ్లే తమ కోసం వేతనం నిర్ణయించుకుంటారు. అమెరికా బొగ్గు గనుల్లో కూడా ఇలాంటిదే చూస్తాం. 1920 నుంచి 1960 దాకా గని కార్మికుల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న జాన్ ఎల్. లూయిస్, మంచి వేతనం కోసం యంత్రాలు వచ్చి మనుషులు తగ్గినా ఫరవాలేదన్న దారి ఎంచుకున్నాడు. 1950 నాటికి 4 లక్షలకు పైగా ఉన్న మెత్తబొగ్గు గని కార్మికులు 1960కి 2 లక్షల లోపుకు పడిపోయారు. అంతా వేతనం పుణ్యమే కాదు. రైళ్లు డీజిల్‌కు మారాయి, ఇళ్లలో వేడికి గ్యాసూ చమురూ వచ్చాయి. అంటే అదే వేతనానికి కావలసినవాళ్లు తగ్గి, రేఖే ఎడమకు జరిగింది. అలా జరుగుతున్న రేఖ మీద ఎంత అడగాలన్నది లూయిస్ తెలిసే ఎంచుకున్నాడు.

మళ్లీ మన కేసుకు. 130, 800 మంది అని తేలాక నాకు నిద్రపట్టలేదు. 1946లో లియాంటీఫ్ అనే ఆర్థికవేత్త చూపించిన విషయం ఒకటుంది: యూనియన్ వేతనం చెప్పి, కంపెనీ సంఖ్య ఎంచుకుంటే, ఇద్దరికీ ఇంతకన్నా మేలైన ఒప్పందం ఎక్కడో తప్పకుండా మిగిలిపోతుంది. ఎందుకో ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. 800 దగ్గర ఇంకొక మనిషిని పెట్టుకుంటే కంపెనీకి దాదాపు 130 విలువైన పని వస్తుంది. ఆ మనిషికి బయట దొరికేది 60. ఈ మధ్య 70 యూనిట్లు ఎవరికీ దక్కకుండా పోతున్నాయి. 130 ఇచ్చి తీసుకుంటే లాభం లేదు కాబట్టి కంపెనీ తీసుకోదు. వేతనమూ సంఖ్యా రెండూ ఒకే కాగితం మీద రాసుకుంటే ఇది దక్కుతుంది.

లెక్క వేశాను. రేఖ ప్రకారం పని విలువలోంచి వేతనాలు తీసేస్తే, 130 దగ్గర 800 మందితో కంపెనీకి మిగిలేది 32,000. 129 వేతనం, 900 మందినీ ఉంచడం అని రాసుకుంటే కంపెనీకి 32,400. సభ్యుల మొత్తం అదనం 56,000 నుంచి 62,100కి వెళ్తుంది. ఒక్క యూనిట్ వదులుకుంటే వంద ఉద్యోగాలు నిలుస్తాయి, అవతలివాళ్లకూ కాస్త మిగులుతుంది. మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. అమెరికా పశ్చిమ తీరంలో ఓడరేవు కార్మికుల సంఘం 1960లో చేసుకున్న ఒప్పందం కూడా ఈ కోవలోదే. యంత్రాలు తెచ్చుకోండి, కానీ ఉన్నవాళ్లను తీసేయకూడదు, మిగిలే లాభంలో కొంత ఒక నిధికి రావాలి అన్నారు.

ఇలాంటి ఒప్పందం బలహీనత ఏమిటంటే, అది కంపెనీ సొంత డిమాండ్ రేఖ మీద ఉండదు. 129 వేతనానికి కంపెనీ తనంతట తాను పెట్టుకునేది 810 మందిని. అలా చేస్తే దానికి 32,805 మిగులుతుంది. అంటే మాట తప్పితే వచ్చే లాభం 405 మాత్రమే. చిన్నదే కదా అనుకున్నాను. మాట తప్పడానికి కారణం చిన్నదైతే మాట నిలుస్తుందని నమ్మాను. ఆ నమ్మకంతోనే షరతు రాయడంలో గట్టిగా పట్టుబట్టలేదు. తప్పు నాది.

కాగితం మీదికి వచ్చిన వాక్యం ఇది: "ఒప్పందకాలంలో సభ్యులెవరినీ తొలగించరాదు." 900 అన్న అంకె లేదు. రిటైరైనవాళ్ల స్థానంలో తీసుకోవాలని లేదు. తనంతట వెళ్లిపోయేవాళ్ల గురించి లేదు. మొదటి ఏడాది ఏమీ కాలేదు, రోల్ 893. ఎప్పటిలాగే మొదటి ఏడాది చూసి అందరూ సంతోషించారు. రెండో ఏడాది రిటైర్మెంట్లు వచ్చాయి. ఖాళీలు నింపలేదు. ఒక్క మనిషిని కూడా తీసేయలేదు కాబట్టి షరతు ఒక్కసారి కూడా మీరలేదు. ఫిర్యాదు పెట్టడానికి వాక్యమే లేదు. నేను ప్రతి మూడు నెలలకూ రోల్ తెప్పించుకుని నోట్‌బుక్‌లో ఒకే గీత మీద చుక్కలు పెడుతూ వచ్చాను: 871, 850, 834, 821.

ఒప్పందం గడువు ముగిసేనాటికి చివరి చుక్క 814. నాలుగడుగుల దూరంలో 810.

తర్వాతి ఒప్పందం ముసాయిదాలో సంఖ్య మొదటి పేరాలోనే రాశాం. ప్రతి త్రైమాసికం చివరి రోజున రోల్‌లో ఉండాల్సిన కనీస సంఖ్య, అంతకు తగ్గితే ఖాళీకి ఒకటి చొప్పున వేతనం యూనియన్ నిధికి జమ, ఆర్డర్లు ఎంతకు పడితే ఆ సంఖ్య ఎంత తగ్గవచ్చో ఒక పట్టిక. మేనేజ్‌మెంట్ ఆ పట్టిక దగ్గర మూడు వారాలు వాదించింది. వేతనం అంకె మీద ఒక్క పూట కూడా వాదించలేదు.